జాగ్రత్త: ఫుట్‌బాల్ 'పాయిజాన్ షీట్' కొనేముందు ఈ ఒక్క గడి చూడండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఎవరు గెలుస్తారో లెక్కగట్టే ఒక ఎక్సెల్ షీట్ అమ్ముతున్నారు. నేనూ 1,500 ఇచ్చి కొన్నాను. పందెం కాయడానికి కాదు, డిగ్రీలో చదివిన పాయిజాన్ విభాజనం ఆటకి ఎలా సరిపోతుందో చూద్దామని. గత సీజన్‌లో నూటికి డెబ్బై మ్యాచ్‌లు కరెక్టుగా చెప్పిందని అమ్మినాయన స్క్రీన్‌షాట్లు పెట్టాడు. నమ్మాను.

పద్ధతి తప్పేం కాదు. ఒక్కో జట్టు సగటున ఎన్ని గోల్స్ కొడుతుందో తీసుకుని, సున్నా, ఒకటి, రెండు... ఇలా ఒక్కో స్కోరుకి సంభావ్యత కడతారు. రెండు జట్లవీ గుణించి, సొంత జట్టు గోల్స్ ఎక్కువున్న గడులన్నీ కూడితే గెలుపు శాతం వస్తుంది. బుకీ రేటు 2.10 అయితే, అంటే గెలిస్తే వందకి 210 చేతికొస్తే, 100ని ఆ రేటుతో భాగించండి, 47.6. మన శాతం అంతకు మించితేనే ఆ రేటు లాభం.

నాకు అనుమానం వచ్చింది ఇక్కడ. పాత మ్యాచ్ ఒకటి తీశాను. సొంత జట్టు 4 గోల్స్ కొట్టింది. షీట్ సగటు 1.8, ఎదుటి జట్టుది 1.2, గెలుపు 51 శాతం, పక్కన పచ్చరంగులో 'లాభం'. ఊరికే ఆ 4 చెరిపి 0 వేశాను. గెలుపు శాతం 31కి పడిపోయింది! మ్యాచ్‌కి ముందు వేసిన అంచనా, మ్యాచ్ ఫలితం మారిస్తే ఎందుకు మారాలి? ఆ మ్యాచ్ ఉన్న 11వ వరుసలో సగటు ఫార్ములా తెరిచి చూశాను:

```
=AVERAGE(C7:C11)
```

ఆ మ్యాచ్ గోల్స్ కూడా సగటులో కలిసిపోయాయి. జవాబు చూసి పరీక్ష రాసినట్టే. ఉండాల్సింది ఇది:

```
=AVERAGE(C6:C10)
```

ముందటి అయిదు మ్యాచ్‌ల్లో గోల్స్ 2, 2, 1, 2, 0. మొత్తం 7, సగటు 1.4. ఎదుటి జట్టుది సరిచేసినా 1.2 గానే వచ్చింది. గెలుపు 42 శాతమే. తప్పు లెక్కలో వంద రూపాయలకి సగటున 108 వస్తాయని చూపించింది, సరైన లెక్కలో వచ్చేది 87. ఆ స్క్రీన్‌షాట్లన్నీ ఇలా వచ్చినవే.

ఫార్ములా సరిచేసుకుని వాడదామన్నా కుదరదు. అయిదు మ్యాచ్‌ల్లో 7 గోల్స్ అంటే, ఆ సగటు అటూ ఇటూ ఊగే మేర, 7 వర్గమూలాన్ని 5తో భాగిస్తే, దాదాపు 0.5. అంటే అసలు సగటు 0.9 కావచ్చు, 1.9 కావచ్చు. అంత ఊగే అంకె మీద బుకీ రేటుతో పోల్చడం ఏమిటి? కనీసం ఒక సీజన్ 38 మ్యాచ్‌లు తీసుకుంటే ఆ ఊగడం 0.2 దగ్గరికి వస్తుంది. ఎదుటి జట్టు డిఫెన్స్ బలం కూడా లెక్కలోకి రావాలి, ఈ షీట్‌లో అది లేనే లేదు.

ఎవరైనా అమ్మజూపితే డబ్బు పంపకముందే పాత మ్యాచ్ స్కోరు ఒకటి మార్చి చూపించమనండి. అదే మ్యాచ్ గెలుపు శాతం కదిలిందా, వదిలేయండి. ఫార్ములాలు దాచి, గడులకి లాక్ వేసిన షీట్ అయితే అసలు ముట్టుకోకండి. నేను ఈ రెండు ఫార్ములాలు పక్కపక్కన పెట్టి అమ్మినాయనకి పంపాను. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, నన్ను గ్రూపు నుంచి తీసేశాడు.