ఆరేళ్లు వాడిన అంచనా, మూడు వాక్యాల చీటీ: సిల్లీ మిస్టేక్‌లపై నా సమీక్ష

ఇంటర్ మొదటి సంవత్సరంలో వారం వారం పరీక్ష పేపరు ఇంటికి తెచ్చినప్పుడల్లా నాన్నకు నేను చెప్పే మాట ఒకటే. "ఇది నాకు వచ్చు నాన్నా, సిల్లీ మిస్టేక్." ఒకరోజు ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "వచ్చినవే ఇన్ని తప్పయితే, రానివి ఎన్నమ్మా?" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగానే లెక్క అడిగారు. నా దగ్గర ఆ లెక్క లేదు.

ఆ తర్వాత మొదలుపెట్టిన పద్ధతిని ఇంటర్ రెండేళ్లు, ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు), జేఈఈ మెయిన్‌లో, బీటెక్ నాలుగేళ్లూ వాడాను. అందులో ఉన్నవి రెండే పనులు. లెక్క మొదలుపెట్టే ముందు జవాబు ఎంత ఉండొచ్చో ఒక అంచనా రాసుకోవడం మొదటిది. నా తప్పుల నుంచే తయారుచేసుకున్న మూడు వాక్యాల చీటీని ప్రతి లెక్కలో పాటించడం రెండోది. ఏది ఎక్కడ పనిచేసింది, ఎక్కడ నన్ను ముంచింది చెబుతాను.

అంచనాతోనే మొదలుపెడతాను. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సు బ్రేకు వేస్తే వేగం సెకనుకు 5 మీ/సె చొప్పున తగ్గుతుంది, ఎంత దూరం వెళ్లి ఆగుతుంది అన్నది అందరం చేసిన లెక్కే. నేను v² = 2as లో 72ని అలాగే వేసి, 5184ని 10తో భాగించి, 518 మీటర్లు అని గుర్తు పెట్టాను. ఆప్షన్లలో 518 ఉంది కూడా. అప్పుడు నాకు తెలియని సంగతి ఇది: ప్రశ్న తయారుచేసేవాళ్లు తప్పు ఆప్షన్లను గాల్లోంచి తీయరు, పిల్లలు చేసే తప్పుల నుంచే తీస్తారు. అందుకే "నా జవాబు ఆప్షన్లలో ఉంది కాబట్టి కరెక్టే" అన్న ధైర్యానికి విలువ లేదు.

ఇదే లెక్కకు ముందు పది సెకన్లు ఆగి ఉంటే? ఆర్టీసీ బస్సు పొడవు సుమారు 11, 12 మీటర్లు. అర కిలోమీటరు అంటే నలభైకి పైగా బస్సులు వరుసగా నిలబడినంత దూరం. బ్రేకు వేసిన బస్సు అంత దూరం జారితే మనమెవరం రోడ్డు దాటలేం. నాలుగైదు బస్సుల పొడవు అంటే నమ్మొచ్చు. 72ని సెకనుకు 20 మీటర్లుగా మార్చి చేస్తే వచ్చేది 40 మీటర్లు. ఇదీ నిజమేనా అంటే మరో దారిలో చూడొచ్చు: 20 వేగం సెకనుకు 5 తగ్గుతూ 4 సెకన్లలో సున్నా అవుతుంది, సగటు వేగం 10, నాలుగు పదులు నలభై.

గణితంలో బస్సులు దొరకవు కాబట్టి అక్కడ బొమ్మ మీద ఆధారపడ్డాను. 0 నుంచి 1 వరకు x eˣ ఇంటిగ్రల్ చూడండి. x = 0 దగ్గర ఎత్తు సున్నా, x = 1 దగ్గర e, అంటే సుమారు 2.7. వెడల్పు 1, ఎత్తు 2.7 ఉన్న పెట్టెలో ఈ వక్రం ఉంది, కాబట్టి వైశాల్యం 2.7 దాటదు. వక్రం పెట్టె మూల నుంచి మూలకు గీసిన గీతకు కిందుగా వేలాడుతుంది, కాబట్టి పెట్టెలో సగమైన 1.35 కంటే కూడా తక్కువే. అంచనాగా "ఒకటికి అటూ ఇటూ" అని మార్జిన్‌లో రాస్తాను. ఇప్పుడు బై పార్ట్స్ చేస్తే x eˣ − eˣ వస్తుంది, హద్దులు వేస్తే జవాబు 1. మధ్యలో మైనస్ ప్లస్ అయిపోతే 2e − 1, అంటే 4.4 వస్తుంది. అది పెట్టెలోనే పట్టదు. "0 వేస్తే 0 ఏగా" అని కింది హద్దును వదిలేస్తే జవాబు సున్నా వస్తుంది. అక్షానికి పైనున్న వక్రం కింద వైశాల్యం సున్నా ఎలా అవుతుంది? నేను చేసే రెండు తప్పులనూ ఒకే బొమ్మ పట్టేసింది. నిశ్చిత సమాకలనుల్లో ఈ పెట్టె నన్ను ఆదుకున్నంతగా ఇంకేదీ ఆదుకోలేదు.

ఒక షరతు ఉంది. అంచనాను పెన్నుతో రాయాలి, అదీ లెక్క చేయకముందే. మనసులో అనుకుని వదిలేస్తే, జవాబు వచ్చాక "నేను అనుకున్నదీ దాదాపు ఇంతే" అనిపిస్తుంది. కొన్ని నెలలు అలాగే నన్ను నేను మోసం చేసుకున్నాను.

అంచనాకు కళ్లు మసక. పది రెట్లు, వంద రెట్లు తేడాను పట్టగలదు, రెండు రెట్ల తేడాను చాలాసార్లు వదిలేస్తుంది. వ్యాసం అడిగితే వ్యాసార్థం రాయడం, గోళం జడత్వ భ్రామకంలో 2/5 బదులు బోలు గోళపు 2/3 వేయడం లాంటివి దాని కంట పడవు. ఒక్కోసారి అది తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఇంటర్ రెండో ఏడాదిలో బేయీ సిద్ధాంతం మీద ఒక లెక్క వచ్చింది. ఒక జబ్బు జనాభాలో 1 శాతం మందికి ఉంది. పరీక్ష చేస్తే జబ్బున్నవాళ్లలో 99 శాతం మందికి ఉందని, లేనివాళ్లలో 99 శాతం మందికి లేదని సరిగ్గా చెబుతుంది. ఒకరికి జబ్బు ఉందని వస్తే, నిజంగా ఉండే సంభావ్యత ఎంత? నేను అంచనాగా 0.9 పైన అని రాశాను. లెక్క చేస్తే 0.5 వచ్చింది. అంచనా మీద అంత నమ్మకం పెరిగిపోయిన రోజులవి, కరెక్టు జవాబును కొట్టేసి వచ్చాను.

ఇంటికొచ్చి పదివేల మందిని ఊహించుకుని లెక్కపెట్టాను. జబ్బున్నవాళ్లు 100 మంది, వాళ్లలో 99 మందికి ఉందని వస్తుంది. లేనివాళ్లు 9,900 మంది, వాళ్లలో ఒక శాతం, అంటే మళ్లీ 99 మందికి పొరపాటున ఉందని వస్తుంది. సరిగ్గా సగం సగం. అప్పటి నుంచి సంభావ్యతలో అంచనా వేయాలంటే మనుషుల్ని లెక్కపెడతాను తప్ప మనసుకు తోచింది రాయను. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను: అంచనా, జవాబు కలవకపోతే జవాబును కొట్టేయకూడదు. ముందు అంచనాను మరో వైపు నుంచి మళ్లీ వేయాలి. అప్పటికీ తేలకపోతే ఆ ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకు వెళ్లాలి.

ఇక చీటీ. మూడు నెలల పరీక్ష పేపర్లన్నీ ముందేసుకుని, వచ్చీ పోగొట్టుకున్న ప్రతి ప్రశ్ననూ ఒక నోటుబుక్కులో రాశాను. చాప్టర్ వారీగా రాయలేదు, తప్పు జరిగిన క్షణంలో నా చెయ్యి ఏం చేస్తోందో అది రాశాను. నలభైకి పైగా తేలాయి. రాస్తుంటే ఇంకొకటి బయటపడింది, అది కాస్త అవమానంగానే అనిపించింది. మర్నాడు పేపరు చూడకుండా అవే లెక్కలు మళ్లీ చేస్తే, దాదాపు మూడో వంతు మళ్లీ అదే చోట తప్పాయి. వాయువు ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుంచి 54 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగితే, పీడనం మారనప్పుడు ఘనపరిమాణం రెట్టింపు అవుతుందని రెండు రోజులూ రాశాను. కెల్విన్‌లో అది 300 నుంచి 327, పెరిగేది 9 శాతమే. అది యూనిట్ మర్చిపోవడం కాదు, కెల్విన్ ఎందుకో నాకు అర్థమే కాలేదు. అలాంటివాటిని ఏ చీటీ బాగుచేయదు. పాఠమే మళ్లీ చదవాలి.

మిగిలినవాటితో పన్నెండు వాక్యాల పట్టిక ఒకటి తయారుచేసి గోడకు అంటించాను. అది ఘోరంగా విఫలమైంది. పరీక్ష రెండో గంటలో పన్నెండు విషయాలు ఎవరికి గుర్తుంటాయి? చివరికి ఎక్కువసార్లు వచ్చిన మూడింటినే ఉంచాను. ప్రశ్నలోని అంకెలను రఫ్ షీట్ మీదికి ఎక్కించాక, వేలు పెట్టి ఒక్కోటీ ప్రశ్నతో సరిచూడటం. బ్రాకెట్ ముందు మైనస్ కనబడితే దాని చుట్టూ సున్నా చుట్టి, విప్పాక ఒక అంకె వేసి చూడటం. ఆప్షన్ నొక్కే ముందు ప్రశ్నలో చివరి వాక్యం మళ్లీ చదవడం.

మైనస్ సంగతి కొంచెం వివరిస్తాను, నా మార్కులు ఎక్కువగా మింగింది అదే. 3x − 2(x − 5) ని నేను తొందరలో x − 10 అని రాసేదాన్ని. పైనుంచి కిందికి మళ్లీ చదివితే తప్పు కనబడదు, ఎందుకంటే రాసినప్పుడు ఏం అనుకున్నామో కన్ను దాన్నే మళ్లీ చదువుతుంది. x = 2 వేస్తే అసలు దానికి 12 వస్తుంది, నేను రాసినదానికి −8. ఐదు సెకన్ల పని. 0, 1 మాత్రం వేయొద్దు. x, x² రెండూ అక్కడ ఒకటే అవుతాయి, ఘాతంలో తప్పుంటే దాక్కుంటుంది. నేను 2 వేస్తాను, అనుమానంగా ఉంటే 3.

ఇవన్నీ ప్రశ్న చేస్తుండగానే జరిగిపోవాలి. ఎంసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం పైన కొద్ది సెకన్లు. చివర్లో అరగంట మిగుల్చుకుని అన్నీ చూద్దాం అన్నది ఆ పేపరులో కుదరని మాట. కెమిస్ట్రీలో జ్ఞాపకం మీద చెప్పే ప్రశ్నలకు అంచనా అవసరమే లేదు, అక్కడ చివరి వాక్యం ఒక్కటే చదివేదాన్ని. "సరికానిది ఏది" అన్న మాట అక్కడే ఉంటుంది. నిజం చెప్పాలంటే మొదటి మూడు వారాలు నా మార్కులు తగ్గాయి. ప్రతి లెక్క దగ్గరా ఆగుతుంటే పేపరు పూర్తయ్యేది కాదు. మా లెక్కల సార్ "ఇదేం కొత్త పిచ్చి?" అన్నారు కూడా. నెల దాటాక చేయి దానంతట అదే మైనస్ చుట్టూ సున్నా చుట్టడం మొదలుపెట్టింది, అప్పటి నుంచి వేగం తిరిగి వచ్చింది. పరీక్ష రెండు వారాల్లో ఉందనగా మొదలుపెట్టేవాళ్లకు అందుకే నేను చీటీలో ఒక్క వాక్యమే చెబుతాను, చివరి వాక్యం చదవమని.

బీటెక్‌లో దీని వాడకం మారింది. క్యాలిక్యులేటర్ వచ్చాక అంకెల తప్పులు పోయి, కోణాన్ని డిగ్రీల్లో వేయాల్సింది రేడియన్‌లలో వేయడం మొదలైంది. సైన్ 30 అంటే సగం రావాలి, తెర మీద −0.988 కనబడుతుంది. పాత చీటీలో అంకెలు సరిచూసే వాక్యం కొట్టేసి దీన్ని రాసుకున్నాను.

ఈ మధ్య పిన్ని కూతురు ఇంటర్‌లో చేరి నా చీటీ అడిగింది. ఇచ్చాను. రెండు వారాలకే తిరిగి తెచ్చిచ్చి, "అక్కా, నీ మైనస్‌లు నాకు ఎప్పుడూ తప్పవు" అంది. దాని రఫ్ షీట్లు తీసి చూశాం. అది రాసే 7 అచ్చం 1లా ఉంది, రెండు లైన్ల కింద తన ఏడునే తను ఒకటిగా చదువుకుంటోంది. ఇప్పుడు దాని చీటీలో మొదటి వాక్యం: "ఏడుకు నడుం మీద అడ్డగీత."