ఆకుపచ్చ రింగు కన్నా పోస్టులోని మొదటి మూడు లైన్లే పనిచేశాయి: లింక్డ్‌ఇన్ ఓపెన్ టు వర్క్ మీద నెల్లూరు అకౌంటెంట్ సమీక్ష

ఉద్యోగం వెతుకుతున్నామని చూపించే ఓపెన్ టు వర్క్‌ను లింక్డ్‌ఇన్‌లో ఎలా ఆన్ చెయ్యాలో అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. నా కోపమంతా అందులో ఉన్న ఒకే ఒక్క ఆప్షన్ మీద. Recruiters only అని ఉంటుంది చూడండి, అది. మన జిల్లాల్లో అకౌంట్స్ ఉద్యోగం వెతుక్కునేవాళ్లు అది పెట్టుకోవడమంటే తలుపులు మూసుకుని లోపల కూర్చుని కొట్టు తెరిచాం అనుకోవడమే.

ఆ ఆప్షన్ పెడితే మనం ఉద్యోగం వెతుకుతున్న సంగతి, డబ్బు కట్టి రిక్రూటర్ ప్యాకేజీ తీసుకున్నవాళ్లకే కనిపిస్తుంది. చెన్నై, హైదరాబాద్ కన్సల్టెన్సీలు, పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు ఆ ప్యాకేజీ కొంటారు. నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంటులో అకౌంటెంటును తీసుకునేది ఎవరు? ఫ్యాక్టరీ మేనేజరు, లేదా ఓనరు, లేదా వాళ్ల ఆడిట్ చూసే సీఏ గారు. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలోనూ అంతే. వీళ్లలో లింక్డ్‌ఇన్ ఉన్నవాళ్లు కూడా మామూలు ఫ్రీ అకౌంటుతోనే చూస్తారు. అంటే మనకు ఉద్యోగం ఇవ్వగలిగిన మనిషికే మన సంగతి కనపడదు. ఉద్యోగంలో ఉండగానే గుట్టుగా వెతికేవాళ్లకైతే ఆ ఆప్షన్ అవసరమే, కాదనను. ఇప్పుడున్న కంపెనీ రిక్రూటర్లకు మన సంగతి కనపడకుండా లింక్డ్‌ఇన్ చూసుకుంటుంది, పూర్తి గ్యారంటీ మాత్రం ఇవ్వదు. ఉద్యోగం పోయాక ఇంక దాచుకోవాల్సిందేముంది? All LinkedIn members పెట్టేయండి, ఫోటో చుట్టూ ఆకుపచ్చ రింగు వస్తుంది.

అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లాక రొయ్యల ఎగుమతి యూనిట్లలో మనుషుల్ని తగ్గించారు. అలా బయటికొచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజుల్లో ఆకుపచ్చ రింగు చాలా గొప్పదని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెప్తాను. రింగు వల్ల మెసేజీలు వస్తాయి, నిజమే. వాటిలో పనికొచ్చేవి తక్కువ. అసలు పని చేసింది రింగుతో పాటు రాసిన పోస్టు, అందులోనూ మొదటి మూడు లైన్లు.

ఫోనులో పోస్టు చూసేటప్పుడు రెండు మూడు లైన్ల తర్వాత …more అని తెగిపోతుంది. చాలామంది ఆ కాస్త చోటూ 'బరువైన హృదయంతో తెలియజేస్తున్నాను' అన్న వాక్యానికే ఖర్చు చేస్తారు. చదివే మేనేజరుకు దానివల్ల తెలిసేది ఏమీ లేదు. ఆ మూడు లైన్లలో మూడు సంగతులు పడాలి: ఏ రంగం లెక్కలు, ఎవరి సాయం లేకుండా చేయగలిగిన కష్టమైన పని ఒకటి, ఎక్కడ చేరగలం. పోస్టు ఇంగ్లీషులోనే పెట్టాలి. సారం ఇలా ఉంటే చాలు:

"రొయ్యల ఎగుమతి యూనిట్ అకౌంట్స్. ఎల్‌యూటీ మీద ఎగుమతికి ఐటీసీ రిఫండ్, RFD-01 స్టేట్‌మెంట్లు మొదలు డబ్బు బ్యాంకులో పడేదాకా నేనే చూస్తాను. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఎక్కడైనా వెంటనే చేరతాను.

యూనిట్‌లో సిబ్బందిని తగ్గించారు, అందుకే ఖాళీ అయ్యాను. ప్రతి నెలా చేసిన పని: GSTR-2Bతో కొనుగోలు పద్దు సరిచూడడం, GSTR-1, GSTR-3B వెయ్యడం, చెరువు రైతులకు కౌంట్‌వారీ రేటుతో బిల్లులు, ఏజెంట్ల కమిషన్, టీడీఎస్, టాలీలో స్టాకు, బ్యాంకు సరిపోలిక. కావలసింది: సీనియర్ అకౌంటెంట్ లేదా జీఎస్టీ చూసే అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, ఫుల్ టైమ్, ఆఫీసుకు వచ్చి చేసే పని. సేల్స్ టార్గెట్లున్న ఉద్యోగాలు వద్దు."

ఇందులో 'జీఎస్టీ, టాలీ బాగా తెలుసు' అన్న మాట ఎక్కడా లేదు. అది ప్రతి ఒక్కరూ రాస్తారు. RFD-01 పేరెత్తగానే ఎదుటివాడు దాని మీదే ప్రశ్న వేస్తాడు. నాకు బాగా నచ్చిన సంగతి అదే. ఫోన్ చేసినవాళ్లు జీతం ఎంత, అనుభవం ఎంత అని మొదలుపెట్టకుండా సూటిగా పనిలోకి దిగారు. అప్పుడు తడుముకోకుండా చెప్పగలగాలి. తరచుగా వచ్చేది ఈ ప్రశ్న: "మీ ఇన్వాయిస్ సీఐఎఫ్‌లో ఉంది, షిప్పింగ్ బిల్లులో ఎఫ్‌ఓబీ వేరే ఉంది. రిఫండ్ లెక్కలో ఏది వేస్తారు?"

2022 జులైలో రూల్ 89(4)కి చేర్చిన వివరణ ప్రకారం షిప్పింగ్ బిల్లులోని ఎఫ్‌ఓబీ విలువ, ఇన్వాయిస్ విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. సీఐఎఫ్‌లో ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిసి ఉంటాయి కాబట్టి మామూలుగా ఎఫ్‌ఓబీయే తక్కువ. ఒక నెల లెక్క చూద్దాం. ఎగుమతి ఇన్వాయిస్‌లు 1 కోటి, వాటి ఎఫ్‌ఓబీ 94 లక్షలు, పన్ను పడే స్థానిక అమ్మకం 6 లక్షలు. అట్టపెట్టెలు, కోల్డ్ స్టోరేజీ, రవాణా లాంటి వాటి మీద ఐటీసీ 3 లక్షలు.

```
రిఫండ్ = ఎగుమతి టర్నోవర్ × నికర ఐటీసీ ÷ మొత్తం టర్నోవర్
       = 94,00,000 × 3,00,000 ÷ 1,00,00,000
       = 2,82,000
```

కింద ఉన్న మొత్తంలో కూడా ఎగుమతిని ఎఫ్‌ఓబీ లెక్కనే తీసుకోవాలి. పైన కోటి, కింద కోటీ ఆరు లక్షలు వేస్తే 2,83,019 వస్తుంది. తేడా వెయ్యి రూపాయలే అయినా స్టేట్‌మెంట్‌లో విలువలు షిప్పింగ్ బిల్లుతో సరిపోవు, ఆఫీసరు దగ్గర ఫైలు ఆగుతుంది. పెద్ద దెబ్బ తగిలేది ఇంకోచోట. ఆ నెలలోనే కొత్త ఐక్యూఎఫ్ ఫ్రీజరు మిషను కొని, దాని మీద 1,80,000 క్రెడిట్ వచ్చిందనుకోండి. అది క్యాపిటల్ గూడ్స్, ఈ సూత్రంలోని నికర ఐటీసీలోకి రాదు. దాన్నీ కలిపేస్తే 4,51,200 అడిగినట్టవుతుంది. అంటే 1,69,200 ఎక్కువ. దానికి RFD-08 నోటీసు రావడం ఖాయం. కాగితాలు తక్కువైతే 15 రోజుల్లోపు RFD-03 డెఫిషియన్సీ మెమో వస్తుంది. అప్పుడు అదే దరఖాస్తు దిద్దడానికి వీల్లేదు, కొత్తగా వెయ్యాలి. ఈపాటి మాట ఫోనులో చెప్పగలిగితే ఇంటర్వ్యూ సగం అయిపోయినట్టే.

ఎంత రిఫండ్ తెప్పించామో మొత్తం వేసి గొప్పగా చూపించాలని అనిపిస్తుంది. అది వద్దు. ఆ అంకెనుబట్టి పాత యూనిట్ ఎగుమతి ఎంతో లెక్కకట్టొచ్చు, కొత్త ఓనరు కూడా 'రేపు మా లెక్కలూ ఇలాగే బయటపెడతాడు' అనుకుంటాడు. పోర్టల్ స్క్రీన్‌షాట్లు, కొనుగోలుదార్ల పేర్లు అసలే వద్దు. చేసిన దశలు చెప్తే సరిపోతుంది.

రొయ్యలు కాకుండా వేరే రంగంలో చేసినవాళ్లు మొదటి లైను మార్చుకోవాలి. గ్రానైట్ క్వారీ లెక్కలు రాసినవాళ్లయితే రాయల్టీ మీద రివర్స్ ఛార్జ్ కట్టి ఆ క్రెడిట్ తీసుకోవడం గురించి రాయాలి. ఒంగోలు వైపు పొగాకు వ్యాపారంలో చేసినవాళ్లకు రైతు దగ్గర కొన్న ఆకు మీద రివర్స్ ఛార్జ్ ఉంది. ఆ రంగంలో కూర్చున్నవాడికే తెలిసే పని పేరు కావాలి.

లొకేషన్ పెట్టె కొంత ఇబ్బంది పెడుతుంది. నెల్లూరు ఒక్కటే పెడితే ఉద్యోగ అలర్టులు బాగా పలచగా వస్తాయి. ప్లాంటు ఇక్కడే ఉన్నా హెడ్డాఫీసు చెన్నైలోనో వైజాగ్‌లోనో ఉంటే ఉద్యోగం ఆ ఊరి పేరు మీద పడుతుంది. అందుకని నెల్లూరు, ఒంగోలుతో పాటు ఆ రెండూ కలపడం మంచిది. అలా కలిపితే చెన్నైలో కూర్చుని చేసే ఉద్యోగాలూ వచ్చి పడతాయి. పోస్టులో ఊర్ల పేర్లు విప్పి రాయమన్నది అందుకే. ఇంకొకటి, రింగు చూసి ప్రొఫైల్‌లోకి వచ్చిన మనిషికి పోస్టు ఎదురుగా కనిపించదు, నాలుగు రోజుల్లో కిందికి పోతుంది. దాన్ని Featured విభాగంలో పెట్టుకుంటే పైనే ఉంటుంది.

ఇక రింగు తెచ్చే చెత్త. 'రిజిస్ట్రేషన్ ఫీజు', 'ట్రైనింగ్ డిపాజిట్' అని వాట్సాప్‌కు రమ్మనేవాళ్లు తప్పకుండా వస్తారు. అకౌంటెంట్లకు వీళ్లను వడగట్టడం సులభం: కంపెనీ జీఎస్టీఐఎన్ నంబరు అడగండి. మొదటి రెండు అంకెలు 37 అయితే ఆంధ్ర, 33 అయితే తమిళనాడు, 36 అయితే తెలంగాణ. జీఎస్టీ పోర్టల్‌లో Search Taxpayer కింద ఆ నంబరు కొడితే అసలు పేరు, చిరునామా, Active ఉందా లేదా, రిటర్నులు ఏ తేదీన వేశారో వస్తాయి. నిజమైన కంపెనీయే అయినా నెలల తరబడి GSTR-3B పడలేదంటే జీతాల సంగతి కూడా ఆలోచించుకోవాలి. దొంగలు వేరే కంపెనీ నంబరు ఇచ్చే వీలుంది కాబట్టి ఆ కంపెనీ ఆఫీసు నంబరు విడిగా కనుక్కుని ఒకసారి ఫోన్ చెయ్యండి.

మొత్తానికి నేను దీన్ని వాడమనే చెప్తాను, నా పరిస్థితిని బట్టి. నాకు నెల్లూరు వదలడం కుదరదు, ఎగుమతి లెక్కలు చేతిలో ఉన్నాయి, పాత యూనిట్‌లో మంచి మాట చెప్పేవాళ్లున్నారు. చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లగలిగినవాళ్లకు రిక్రూటర్లు నిజంగానే ఉపయోగపడొచ్చు, Recruiters only మీద నా మాట వాళ్లకు అంతగా వర్తించదు. చిన్న కొట్టు లెక్కలు మాత్రమే రాసినవాళ్లకు లింక్డ్‌ఇన్ కన్నా ఊళ్లోని సీఏ ఆఫీసులు తిరగడమే త్వరగా తేలుతుంది. ఉద్యోగం దొరికాక రింగు తీసేస్తే సరిపోదు, Featured లోని పోస్టుని కూడా తీసెయ్యండి, లేకపోతే కొత్త ఆఫీసులో చేరాక కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి.