టమాటా తొక్క తీసే పద్ధతి: ఆరేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

కూరలో టమాటా బాగా మగ్గేసరికి ముక్క కరిగిపోతుంది కానీ తొక్క కరగదు. అది సన్నగా చుట్టుకొని, అన్నం ముద్దలో చిన్న పుల్లలా పంటికి తగులుతుంది. మా అత్తగారు కట్టుడు పళ్లు పెట్టించుకున్న కొత్తలో ఆ తొక్కలు అంగిలికి అంటుకుంటున్నాయని టమాటా కూరను పక్కన పెట్టేశారు. ఆవిడ కోసమే గాటు పెట్టి వేడినీటిలో ముంచి తీసే పద్ధతిని నేను నేర్చుకున్నాను. ఈ ఆరేళ్లలో వారానికి ఒకటి రెండు సార్లయినా ఈ పని చేస్తూ వచ్చాను కనుక, ఇది ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ వృథా శ్రమో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

మా ఇంట్లో నలుగురికి కోడిగుడ్డు టమాటా కూర చేసే రోజు నేను అనుసరించే క్రమం ఇది. కిలో టమాటాలు తీసుకుంటాను. నాటు టమాటా కంటే, మార్కెట్లో బెంగళూరు టమాటా అని పిలిచే కోలకాయ ఈ పనికి బాగుంటుంది. దాని కండ దళసరిగా ఉండి, తొక్క తీసిన తరువాత కూడా కాయ ఆకారం చెదరదు. పెద్ద గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు తెర్లబెడతాను. ఈలోగా తొడిమ ఉన్న చోట గట్టి భాగాన్ని తొలిచి, కాయను తలకిందులు చేసి, అడుగు కొనమీద ప్లస్ గుర్తులా గాటు పెడతాను. గాటు తొక్కను దాటి లోపలికి దిగకూడదు. లోతుగా కోస్తే రసం బయటికి కారిపోతుంది, నీళ్లు లోపలికి చేరతాయి. మామూలు కత్తి పండిన కాయమీద జారుతుంది కాబట్టి, రంపపు పళ్లున్న చిన్న కత్తితో ఒత్తిడి లేకుండా గీయడం మేలు.

నీళ్లు తెర్లుతున్నప్పుడు నాలుగైదు కాయలను మాత్రమే చిల్లుల గరిటెతో దించుతాను. బాగా పండిన కాయకు ఇరవై నుంచి ముప్పై సెకన్లు చాలు, కొంచెం గట్టిగా ఉన్నదానికి నలభై ఐదు సెకన్ల నుంచి నిమిషం వరకు పడుతుంది. అయితే నేను గడియారాన్ని కాక గాటునే చూస్తాను. ప్లస్ గుర్తు నాలుగు మూలలు పైకి లేచి, వెనక్కి ముడుచుకోవడం మొదలుపెట్టిన క్షణమే కాయను తీయవలసిన సమయం. వెంటనే చల్లటి నీటిలో వేస్తాను. శీతాకాలంలో కుళాయి నీళ్లు సరిపోతాయి కానీ, వేసవిలో డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లే వేడిగా ఉంటాయి కనుక అప్పుడు ఐసు ముక్కలు తప్పవు. నిమిషం తరువాత లేచిన మూలను వేళ్లతో పట్టి లాగితే తొక్క పొడుగాటి పట్టీలుగా, దాదాపు చప్పుడు లేకుండా ఊడి వస్తుంది. కిలో కాయలకు, నీళ్లు కాగే సమయం పోగా, మొత్తం పది నిమిషాలకు మించి పట్టదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే తప్పులు తగ్గుతాయి. తొక్కను కండకు పట్టి ఉంచేది పెక్టిన్ అనే జిగురు పదార్థం. తొక్క కింద ఉన్న పలుచని పొరకు మాత్రం వేడి తగిలితే ఆ జిగురు సడలుతుంది. అదే వేడి కాయ లోపలికి దిగితే కండ కూడా మెత్తబడుతుంది. వేడినీరు, ఆ వెంటనే చన్నీరు అన్న జంట ఉద్దేశం ఆ పొర దగ్గరే వేడిని ఆపడం. మొదటి నెలల్లో ఒకసారి, త్వరగా అయిపోతుందని చిన్న గిన్నెలో డజను కాయలు ఒకేసారి వేశాను. నీళ్ల తెర్లు ఆగిపోయింది. మళ్లీ తెర్లేదాకా మూడు నిమిషాలు ఎదురుచూశాను. తీసేసరికి తొక్కతో పాటు వేలి మందం కండ ఊడి చేతికొచ్చింది, నీళ్లు ఎర్రబడ్డాయి. తీసిన తొక్క లోపలి వైపు చూస్తే తప్పు ఇట్టే తెలిసిపోతుంది: తొక్క అద్దంలా పలుచగా ఉంటే సరైన సమయం, దానికి ఎర్రటి గుజ్జు అంటుకొని ఉంటే ఎక్కువసేపు ఉంచినట్టు. పచ్చి ఛాయ ఉన్న కాయలు మాత్రం ఎంత జాగ్రత్తపడినా మొండికేస్తాయి, వాటిని రెండు రోజులు బుట్టలో పండనివ్వడమే నయం.

ఈ శ్రమ ముక్క ముక్కగా కనిపించవలసిన కూరలకే తగినదని నా అభిప్రాయం. పప్పులోకి నేను తొక్క తీయను. చారుకు పచ్చి టమాటాను చేత్తో పిసికితే తొక్క చేతిలోనే మిగులుతుంది. మిక్సీలో ఎలాగూ రుబ్బే గ్రేవీ కోసం గాట్లు పెడుతూ కూర్చోవడం మరీ అనవసరం, ఎందుకంటే గుజ్జును జల్లెడలో వడకడితే తొక్కలూ గింజలూ ఒకేసారి పోతాయి.

తాజా గుజ్జు విషయంలో నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటి ఉంది. పచ్చి టమాటాను రుబ్బి పక్కన ఉంచితే, కాసేపటికి అడుగున పలుచని నీళ్లు, పైన ముద్ద విడిపోతాయి. కాయ నలిగినప్పుడు అందులోని ఎంజైములు పెక్టిన్‌ను ముక్కలు చేయడమే దీనికి కారణం. అందువల్ల నేను టమాటాలను నాలుగు చెక్కలుగా కోసి, నీళ్లు పోయకుండా మూత పెట్టి, బాగా ఆవిరి పట్టేదాకా ఉడికించి, చల్లారిన తరువాతే రుబ్బుతాను. ఆ వేడికి ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, గుజ్జు చిక్కగా నిలుస్తుంది. పచ్చివి రుబ్బినప్పుడు గాలి కలిసి వచ్చే గులాబీ రంగు నురగ కూడా ఉండదు. పనీర్ కూర, పాస్తా సాస్ వంటి వాటికి నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టమైన మార్గం.

డబ్బా టమాటా పేరు ఎత్తితే మొహం చిట్లించేవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. 2023 జులైలో ధర కిలో వంద రూపాయలు దాటిపోయి, దొరికినవి కూడా చప్పిడిగా ఉన్న రోజుల్లో వాడక తప్పలేదు. బాగా పండిన కాయలను డబ్బాలో పట్టినది, వాన దెబ్బ తిన్న తాజా కాయ కంటే రంగులోనూ రుచిలోనూ మెరుగని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. చలి దేశాల్లో ఉండే మనవారికి శీతాకాలంలో ఇది మరీ వర్తిస్తుంది. కానీ డబ్బా వెనుక రాతను చదవకుండా కొనకూడదు. ఒకసారి ముక్కలు కోసిన డబ్బా టమాటాతో కూర మొదలుపెట్టి నలభై నిమిషాలు ఉడికించినా, ఆ చదరపు ముక్కలు అలాగే నిలబడ్డాయి. దానిమీద కాల్షియం క్లోరైడ్ అని రాసి ఉంది. ముక్క చెదరకుండా గట్టిపరచడానికి దానిని కలుపుతారు. కూరలో కరగవలసి వస్తే, తొక్క తీసిన నిండు కాయల డబ్బాను, వీలైతే ఆ పదార్థం లేనిదానిని తీసుకొని, చేత్తో చిదిమి వేయాలి. చాలా డబ్బాల్లో పులుపు కోసం సిట్రిక్ ఆమ్లం, ఒక్కోసారి ఉప్పు కూడా కలిపి ఉంటాయి కాబట్టి చింతపండునూ ఉప్పునూ చివర్లో రుచి చూసి వేసుకోవడం మంచిది. చారుకు మాత్రం డబ్బా సరుకు నప్పదు, ఉడికిన వాసన పైకి తేలుతుంది.

తెరిచిన డబ్బాలో మిగిలినదానిని అందులోనే ఉంచకుండా గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. అంతకు మించి అవసరముంటే ఐసు ట్రేలో గడ్డకట్టించి సంచిలో వేసుకుంటాను, కూరకు రెండు మూడు గడ్డలు సరిపోతాయి.