మూడు కాపీల బ్యాకప్, xxHash చెకింగ్: మూడేళ్లు వాడాక నా రివ్యూ

మొదట్లో నేను షూట్ చేసిన కెమెరా కార్డ్‌ని ఒకేసారి మూడు డ్రైవ్‌లకీ కాపీ కొట్టేవాణ్ణి. మూడేళ్లుగా మాత్రం ముందు కార్డ్ నుంచి ఎస్ఎస్‌డీకి, తర్వాత ఎస్ఎస్‌డీ నుంచి రెండు హార్డ్‌డిస్క్‌లకి. లెక్క ఇది: కార్డ్‌లో 480 జీబీ ఉంది, రీడర్ సెకనుకి 800 ఎంబీ ఇస్తోంది అనుకోండి, ఎస్ఎస్‌డీకి కాపీ 10 నిమిషాలు, చెకింగ్ ఇంకో 10. అదే హార్డ్‌డిస్క్‌లని కూడా కలిపి పెడితే మొత్తం వాటి 200 ఎంబీ స్పీడ్‌కే నడుస్తుంది, రీడర్ 80 నిమిషాలు ఇరుక్కుపోతుంది. నా పద్ధతిలో మూడు కాపీలూ అయ్యేసరికి 100 నిమిషాలు పడుతుంది, అది ఒప్పుకుంటా, కానీ 20 నిమిషాలకే రీడర్ ఖాళీ, రెండో కెమెరా కార్డ్ పెట్టేయొచ్చు.

అసలు చెప్పాలనుకున్నది చెక్‌సమ్ గురించి, అంటే ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి నంబర్, దాన్నే హాష్ అని కూడా అంటారు, xxHash ఆ లెక్క కట్టే ఒక పద్ధతి. కాపీ యాప్‌లో టిక్ పడిందంటే "నేను చదివింది, రాసింది ఒకటే" అని మాత్రమే అర్థం, కార్డ్‌ని సరిగ్గా చదివిందా లేదా అన్నది అది చెప్పదు. అందుకే కార్డ్‌ని రెండోసారి కూడా చదివిస్తా. ఒక బిజీ రోజు ఒక్క క్లిప్‌కి కార్డ్ మొదటి హాష్ ఒకటి, రెండోది ఇంకోటి వచ్చింది, ఎస్ఎస్‌డీ కాపీ మాత్రం మొదటిదానితో చక్కగా మ్యాచ్ అయింది! అంటే తప్పుగా చదివిందే తప్పు లేకుండా రాసింది అన్నమాట. కేబుల్ మార్చా, తగ్గలేదు, రీడర్ మార్చాక వరసగా మూడుసార్లు ఒకటే హాష్ వచ్చింది. ఆ రీడర్‌తో అప్పటిదాకా దింపిన కార్డ్‌లన్నీ మళ్లీ చదివించా, అవింకా ఫార్మాట్ చెయ్యలేదు కాబట్టి బతికిపోయాం.

యాప్ లేకపోతే చేత్తో ఇలా చేసుకోవచ్చు, కాపీ అయ్యాక:

```
cd /Volumes/CARD/A003
find . -type f -exec xxhsum {} + > ~/A003.xxh
cd /Volumes/SSD1/A003
xxhsum -c ~/A003.xxh
```

రెండో `cd` లైన్ కొట్టేముందే ఎస్ఎస్‌డీని ఎజెక్ట్ చేసి మళ్లీ పెట్టండి, లేకపోతే `-c` లైన్ ఇప్పుడే రాసిన ఫైల్స్ కొన్ని డ్రైవ్ నుంచి కాకుండా ర్యామ్‌లోంచే చదివేసి ఓకే అనేస్తుంది. చాలామంది ఇది వదిలేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

రీడర్‌లోంచి తీసిన కార్డ్‌కి ఎర్ర టేప్ వేసి పక్కన పెడతా. మూడు చోట్లా చెక్ అయ్యి, ప్రతి క్లిప్ మొదలూ చివరా ప్లే చేసి చూశాకే టేప్ తీస్తా, ఎందుకంటే కెమెరానే చెడగొట్టి రాసిన క్లిప్‌కి కూడా చెక్‌సమ్ బ్రహ్మాండంగా మ్యాచ్ అవుతుంది. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే.

ఈ పద్ధతికి ఉన్న ఇబ్బంది కార్డ్‌లు ఎక్కువ కావాలి. 80 నిమిషాలకి ఒకటి కంటే తొందరగా నిండిన కార్డ్‌లు వస్తుంటే హార్డ్‌డిస్క్‌ల దగ్గర క్యూ పెరుగుతూనే ఉంటుంది, పైగా డిస్క్ నిండేకొద్దీ స్పీడ్ ఇంకా పడిపోతుంది, అలాంటి షూట్‌కి రెండో కాపీ కూడా ఎస్ఎస్‌డీలోకే తీసుకుంటున్నా.