వెండర్ స్కోరింగ్ షీట్ ఏళ్ల తరబడి వాడాక: రూపాయికి ఎన్ని మార్కులు?

జీడిమెట్లలో టాబ్లెట్లు తయారుచేసే ఒక మధ్యతరహా ఫార్మా యూనిట్‌లో పర్చేజ్ చూస్తుంటాను. ఒకప్పుడు మా దగ్గర వెండర్ ఎంపిక అంటే కంపారటివ్ స్టేట్‌మెంట్ ఒక్కటే. కొటేషన్లు పక్కపక్కన పెట్టి, అందరికన్నా తక్కువ రేటు చెప్పిన ఎల్1 ఎవరో చూసి, ఇంకో రూపాయి తగ్గించమని ఫోన్ చేసి, పర్చేజ్ ఆర్డర్ ఇచ్చేవాళ్లం. కోవిడ్ తర్వాత మేనేజ్‌మెంట్ దీన్ని ఆపించి, వెయిటేజీలు ఉన్న స్కోరింగ్ షీట్ తెచ్చింది. రేటుకు ఇంత, క్వాలిటీకి ఇంత, టైముకు డెలివరీకి ఇంత అని వాటా పెట్టి, అన్నిటినీ వంద మార్కుల స్కేలు మీదకు తెచ్చి, మొత్తం కలిపి ర్యాంకు ఇచ్చే ఎక్సెల్ షీట్ అది. అప్పటినుంచి వాడుతున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

మంచి సంగతి ముందు. "ఎల్1కి ఎందుకు ఇవ్వలేదు?" అని ఆడిట్ వాళ్లు అడిగితే ఇప్పుడు మన దగ్గర కాగితం మీద జవాబు ఉంటుంది. క్వాలిటీ చూసే క్యూసీ వాళ్లు, స్టోర్స్ వాళ్లు ఎప్పుడూ గొణుక్కునే విషయాలు లెక్కలోకి వచ్చాయి. ఈ ఒక్కదానికే షీట్ ఉంచుకోవచ్చు.

ఇబ్బంది అంతా మధ్యలో ఉంది. వెయిటేజీల మీద మీటింగుల్లో గంటలు గంటలు వాదించుకుంటారు. రేటుకు 40 పెట్టాలా, 35 చాలా అని. కానీ రేటును మార్కులుగా మార్చే ఫార్ములా ఏదో ఎవరూ అడగరు. ఎవరో ఎక్కడి నుంచో తెచ్చిన టెంప్లేట్‌లో అది ఏదో ఒకటి ఉంటుంది. నా అనుభవంలో ఎంపికను ఎక్కువగా తిప్పేది ఆ ఫార్ములానే.

షిప్పర్ల కేసు తీసుకుంటాను. మందుల కార్టన్లు పెట్టి పంపే ఐదు పొరల అట్టపెట్టెలు ఇవి. అంకెలు గుండ్రం చేశాను. నలుగురు కొటేషన్ ఇచ్చారు: బాలానగర్ ఆయన పెట్టెకు 42 రూపాయలు, కుషాయిగూడ ఆయన 44, మా జీడిమెట్లలోనే ఉన్నాయన 45, పటాన్‌చెరు వైపు ఉన్న పెద్ద ప్లాంటు 62. వెయిటేజీ రేటుకు 40, క్వాలిటీకి 35, డెలివరీకి 25.

క్వాలిటీ మార్కులు క్యూసీ రిజెక్షన్ల నుంచి వస్తాయి. రిజెక్షన్ సున్నా అయితే 100, రెండు శాతం అయితే 0, మధ్యలో దాని ప్రకారం. అలా బాలానగర్‌కు 50, కుషాయిగూడకు 70, జీడిమెట్లకు 80, పటాన్‌చెరుకు 95 వచ్చాయి. డెలివరీకి, చెప్పిన రోజుకే వచ్చిన లోడ్ల శాతమే మార్కు: వరుసగా 60, 70, 85, 90.

ఇక రేటు. మా మొదటి టెంప్లేట్‌లో అందరికన్నా తక్కువ చెప్పినవాడికి 100, అందరికన్నా ఎక్కువ చెప్పినవాడికి 0 ఇచ్చే ఫార్ములా ఉండేది. మిన్-మ్యాక్స్ అంటారు దీన్ని.

```
=100*(MAX(B$2:B$5)-B2)/(MAX(B$2:B$5)-MIN(B$2:B$5))
```

దీని ప్రకారం రేటుకు బాలానగర్‌కు 100, కుషాయిగూడకు 90, జీడిమెట్లకు 85, పటాన్‌చెరుకు 0. వెయిటేజీలతో కలిపితే జీడిమెట్ల 83.25తో మొదట, కుషాయిగూడ 78, బాలానగర్ 72.5, పటాన్‌చెరు 55.75. చూడటానికి అంతా సబబుగానే ఉంది కదా.

ఇంతలో పటాన్‌చెరు వాళ్లు "మీ క్వాంటిటీ మాకు సరిపోదు" అని తప్పుకున్నారు. ఆ వరుస తీసేయగానే మిగిలిన ముగ్గురి లెక్క తలకిందులైంది. ఇప్పుడు అందరికన్నా ఎక్కువ రేటు 45 కాబట్టి జీడిమెట్లకు రేటులో సున్నా. కుషాయిగూడకు 33. మొత్తం చూస్తే బాలానగర్ 72.5తో మొదటికి వచ్చేసింది, కుషాయిగూడ 55.3, జీడిమెట్ల 49.25తో ఆఖరు. ముగ్గురిలో ఎవరి రేటూ మారలేదు, క్వాలిటీ మారలేదు, డెలివరీ మారలేదు. ఎలాగూ ఆర్డర్ దక్కని నాలుగో మనిషి వెళ్లిపోయాడు, అంతే. మొదటివాడు ఆఖరుకు, ఆఖరువాడు మొదటికి.

కారణం తెలుసుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: ఈ షీట్‌లో ఒక రూపాయి తేడాకు ఎన్ని మార్కులు? నలుగురు ఉన్నప్పుడు 42 నుంచి 62 దాకా 20 రూపాయల మీద 40 మార్కులు పరుచుకున్నాయి, అంటే రూపాయికి 2. ముగ్గురే మిగిలాక అవే 40 మార్కులు 3 రూపాయల మీద పడ్డాయి, రూపాయికి 13కు పైనే. పైన హెడింగ్‌లో "రేటు 40" అని అలాగే ఉంది, కానీ రూపాయి విలువ ఆరింతలకు పైగా పెరిగింది. 45 రూపాయల పెట్టెలో 3 రూపాయల తేడా కోసం రిజెక్షన్ రెండున్నర రెట్లు ఉన్నవాడిని ఎంచుకుందామని ఏ మీటింగులోనూ ఎవరూ అనలేదు. షీటే అనేసింది. (అందరూ ఒకే రేటు చెబితే ఇదే ఫార్ములా #DIV/0! చూపిస్తుంది. అది నయం, కనీసం కంటికి కనబడుతుంది.)

దీనికి చాలామంది చెప్పే విరుగుడు నిష్పత్తి పద్ధతి: అతి తక్కువ రేటును ఈయన రేటుతో భాగించి వందతో గుణించడం. ప్రపంచ బ్యాంకు టెండర్లలో, క్వాలిటీ, ఖర్చు రెండూ చూసే మన ప్రభుత్వ క్యూసీబీఎస్ టెండర్లలో ఫైనాన్షియల్ స్కోరు ఎక్కువగా ఇలాగే కడతారు. మేమూ కొన్నాళ్లు దీనికి మారాం. మా కేసులో జీడిమెట్ల 86.6, పటాన్‌చెరు 82.8, కుషాయిగూడ 80.2, బాలానగర్ 72.5 వస్తాయి. పటాన్‌చెరు తప్పుకున్నా మిగతావాళ్ల మార్కులు కదలవు. పై చివరన ఉన్నవాడి వల్ల వచ్చే గొడవ పోయినట్టే.

కానీ కింది చివర అలాగే ఉంది. ఆర్డర్ చేయగల సత్తా లేని ఒకాయన 25 రూపాయలకు ఇస్తానని కొటేషన్ పడేశాడనుకోండి. మొదటి నలుగురి రేటు మార్కులన్నీ కిందికి జారతాయి, వాళ్ల మధ్య తేడాలు కుదించుకుపోతాయి. అప్పుడు జీడిమెట్లకు 71.5, పటాన్‌చెరుకు 71.9. అంటే ఎవరో చెప్పిన ఉత్తుత్తి తక్కువ రేటు వల్ల 62 రూపాయలవాడు 45 రూపాయలవాడిని దాటాడు. ఇది తెలిసిన పెద్ద వెండర్ తనకు తెలిసిన చిన్నవాడితో ఒక చవక కొటేషన్ వేయించడం కష్టమేమీ కాదు. నిష్పత్తి పద్ధతి వాడేవాళ్లు ఒకటి మాత్రం తప్పనిసరిగా చేయాలి: శాంపిల్ పెట్టె అట్ట ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చూసే బర్స్టింగ్ టెస్టులో, ప్లాంటు విజిట్‌లో పాస్ కాని వాళ్ల రేటును ఆ "అతి తక్కువ" లెక్కలోకి రానివ్వకూడదు. ముందు పాస్, తర్వాతే రేటు కవరు విప్పాలి.

ఇప్పుడు మేం వాడేది మూడోది. కొటేషన్లు తెరవకముందే రెండు రేట్లు రాసి సంతకం పెడతాం: ఎంతకు వస్తే వందకు వంద, ఎంత దాటితే సున్నా. క్రాఫ్ట్ పేపరు ధర, పెట్టె బరువు, తయారీ ఖర్చు కట్టి ఈ కేసుకు 40, 60 పెట్టాం. H1లో 40, H2లో 60.

```
=MAX(0,MIN(100,100*($H$2-B2)/($H$2-$H$1)))
```

బాలానగర్‌కు 90, కుషాయిగూడకు 80, జీడిమెట్లకు 75, పటాన్‌చెరుకు 0. మొత్తాలు జీడిమెట్ల 79.25, కుషాయిగూడ 74, బాలానగర్ 68.5, పటాన్‌చెరు 55.75. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా ఇవి మారవు. రూపాయికి 2 మార్కులు అన్నది ముందే తెలుసు కాబట్టి వెయిటేజీల చర్చ కూడా మనుషులకు అర్థమయ్యేలా సాగుతుంది. రిజెక్షన్ అర శాతం పెరిగితే క్వాలిటీలో 25 మార్కులు పోతాయి, దాని వాటా 8.75, అంటే పెట్టెకు నాలుగు రూపాయల పైచిలుకు. "రిజెక్షన్ అర శాతం తగ్గడానికి పెట్టెకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తామా?" అని ప్రొడక్షన్ హెడ్‌ని అడగొచ్చు. ఇస్తాం అంటే వెయిటేజీ సరిగ్గా ఉన్నట్టు. లేదంటే అక్కడికక్కడే మార్చుకోవచ్చు.

దీనికీ లోటుంది. పేపరు ధర ఒక్కసారిగా పెరిగితే అందరూ 60 దాటేస్తారు, అందరికీ సున్నా, రేటు కాలమ్ ఉన్నా లేనట్టే. అప్పుడు కొటేషన్లు చూశాక స్కేలు మార్చాలనే టెంప్టేషన్ వస్తుంది. మార్చాల్సిందే అయితే అందరి నుంచీ మళ్లీ కొటేషన్ తీసుకుని మార్చడం మేలు.

అందరికీ ఒకే మార్కు వచ్చే కాలమ్ ఉంటే ఆ వెయిటేజీ గాలికి పోయినట్టే. మా షీట్‌లో క్రెడిట్ పీరియడ్‌కు ఒక కాలమ్ ఉండేది, 90 రోజులు ఇస్తే పూర్తి మార్కులు. మా అట్టపెట్టెల వాళ్లంతా దాదాపు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమలే. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. గడువు దాటి, ఆ ఏడాది ముగిసేలోగా కూడా కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాదికి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపలేమన్న సెక్షన్ 43బి(హెచ్) వచ్చాక మా అకౌంట్స్ వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. అందరికీ 45 రోజులే అయ్యాక ఆ కాలమ్ తీసేసి, ఆ వాటాను డెలివరీకి కలిపాం.

కొత్త వెండర్ విషయంలో జాగ్రత్త. రిజెక్షన్ రికార్డు లేక ఖాళీగా వదిలిన గడిని ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది. రిజెక్షన్ సున్నా అంటే మా స్కేలులో వందకు వంద! ట్రయల్ లోడ్లు అయ్యేదాకా మేం కొత్తవాళ్లను ర్యాంకులో కలపం, విడిగా పెడతాం.

క్వాలిటీ 60 కన్నా తక్కువైతే మొత్తం ఎంత వచ్చినా షార్ట్‌లిస్టులోకి రారు. బాలానగర్ అలాగే పోయింది. లేకపోతే చవక రేటు క్వాలిటీ లోటును కప్పేస్తూనే ఉంటుంది. ఇక మొదటి ఇద్దరి మధ్య తేడా రెండు మూడు మార్కులే ఉంటే, వెయిటేజీలను ఐదు అటూ ఇటూ జరిపి చూస్తాం. ర్యాంకు మారితే ఇద్దరినీ సమానంగానే చూసి బేరానికి కూర్చుంటాం.

నా వైపు నుంచి ఐదుకు నాలుగు స్టార్లు. కోసిన ఒక్క స్టార్ దేనికంటే, ఈ షీట్ ఒక్కొక్కరినీ విడివిడిగానే చూస్తుంది. మేం ఆర్డర్‌ను జీడిమెట్లకు 70, కుషాయిగూడకు 30 శాతంగా పంచుతాం, ఒకరు ఆగితే ఇంకొకరు ఉంటారని. కానీ ఇద్దరూ ఒకే మిల్లు పేపరు వాడుతుంటే, ఆ మిల్లు ఆగిన వారం ఇద్దరూ ఆగుతారు. మార్కులు ఎన్ని వేసినా ఆ సంగతి ఏ కాలమ్‌లోనూ కనబడదు. అందుకే కొటేషన్ ఫారంలో పేపరు ఏ మిల్లుదో రాయమంటున్నాం. దానికి మార్కులు లేవు, ఆర్డర్ పంచేటప్పుడు మాత్రం ముందు అదే చూస్తాం.