తేటగీతిలో వ్యర్థపదం: మార్చాలా, పాదాలు కలపాలా?

నెల్లూరు పెన్న మీద రాసిన తేటగీతిలో రెండు పాదాలు ఇవి:

జగతి నెల్లెడ వేసవి సాగుచుండ
పెన్న యేటిలో మిక్కిలి పేరె నిసుక

మాటల్ని వచనంలా చెప్పి చూస్తే పూరణ, అంటే గణం నింపడానికే వేసిన పదం, బయటపడుతుంది. ‘మిక్కిలి’ తీసేసినా అర్థం చెక్కుచెదరదు. పై పాదంలో పనికొచ్చేది ‘వేసవి’ ఒక్కటే.

మొదటి దారి, ఆ గణంలోనే పదం మార్చడం. ‘మిక్కిలి’ మూడో గణం, ఇంద్రగణం. అక్కడ ‘మేటలై’ వేస్తే ర-గణం సరిపోతుంది, ఇసుక కళ్లకు కనిపిస్తుంది. యతి పె–పే కాబట్టి దానికేమీ కాదు. పూరణ యతి పడే నాలుగో గణంలో ఉంటే మాత్రం కొత్త పదం యతికో ప్రాసయతికో కుదరాలి. అక్కడే చాలామంది మళ్లీ ఇంకో పూరణ పదాన్ని తెస్తారు.

రెండోది, పాదాలు కలపడం:

వేసవిని పెన్న యేటిలో పేరె నిసుక

వేస, వినిపెన్న, యేటిలో, పేరె, నిసుక: గణాలు కుదిరాయి, వే–పే యతి చెల్లింది. నష్టం, ‘మేటలై’కి చోటు పోయింది. లాభం, ఒక పాదం ఖాళీ అయింది. దానిలోకి కొత్త విషయం రావాలి:

చెలమ తీసిన మూరలో జేరె నీరు

ఒక్క గణమే బోలుగా ఉంటే మార్చడం చాలు. ఈ పద్యంలో మొదటి పాదం దాదాపు అంతా బోలే, కాబట్టి కలపడమే నయం. ఖాళీ పాదానికి చెప్పేదేమీ లేకపోతే, ఆ భావానికి తేటగీతి పెద్దదైందన్నమాట.