పాత సినిమా పోస్టర్ల అక్షరాలు, నేటి తెలుగు ఫాంట్లు: చాలాకాలం వాడిన తర్వాత నా సమీక్ష

పద్యనాటక సమాజాలకు కరపత్రాలు, గోడపత్రికలు చేసిపెట్టడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. వాళ్లందరూ దాదాపు ఒకే మాట అడుగుతారు: అక్షరాలు పాత సినిమా పోస్టరులా ఉండాలి. 1950ల నుంచి 1970ల దాకా మద్రాసులో తయారై, లిథోలో అచ్చయి ఊరూరా గోడలెక్కిన ఆ పోస్టర్ల పేర్లను పబ్లిసిటీ ఆర్టిస్టులు చేత్తోనే రాసేవారు. ఆ రూపం కోసం ఈనాటి ఉచిత తెలుగు ఫాంట్లలో నేను ఎక్కువగా వాడినవి రామభద్ర, బాలూ తమ్ముడు 2, అనేక్ తెలుగు, లక్కిరెడ్డి, నోటో సెరిఫ్ తెలుగు. ఇవి ఎంతవరకు పనికివచ్చాయో, ఎక్కడ ఆగిపోయాయో ఇక్కడ రాస్తున్నాను.

ఫాంటు వెతికే ముందు పోస్టరు మీది అక్షరం ఏమిటో తేల్చుకోవాలి. ఫోటో ఇస్తే ఫాంటు పేరు చెప్పే వెబ్‌సైట్లు తెలుగు విషయంలో నాకు ఎప్పుడూ ఉపయోగపడలేదు. అవి ఏదో ఒక రోమన్ ఫాంటు పేరు చెప్పి ఊరుకుంటాయి. అంతకంటే నమ్మదగిన పరీక్ష కంటితో చేసేదే. పేరులో రెండుసార్లు వచ్చిన గుర్తును పట్టుకుని పక్కపక్కన పెట్టి చూడాలి. 'మాయాబజార్' అన్న పేరులో దీర్ఘం మూడుసార్లు వస్తుంది, 'శ్రీకృష్ణ తులాభారం'లో రెండుసార్లు. చేత్తో రాసిన పేరులో ఆ దీర్ఘాలు ఒకే కుటుంబానికి చెందినట్టు ఉంటాయి గానీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. చివరి దీర్ఘం కాస్త పొడవుగా సాగుతుంది, నడుమ ఉన్నది పక్క అక్షరానికి చోటిచ్చి కురచగా ఆగుతుంది. రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటే అది పాత పోస్టరు కాదు, దాన్ని అనుకరిస్తూ ఎవరో తర్వాత చేసినది అయివుంటుంది. పాతవాటిని శుభ్రం చేసి మళ్లీ అచ్చువేసేటప్పుడు పేరును ఫాంటుతో మార్చిన సందర్భాలను కూడా ఈ పరీక్షతోనే పట్టుకోవచ్చు.

రెండో గుర్తు ఒత్తులు. అచ్చు అక్షరంలో ఒత్తు తనకు కేటాయించిన చోటనే ఉంటుంది. చేతిరాతలో ఒత్తు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి జరుగుతుంది, చిన్నదవుతుంది, అవసరమైతే కింది వరుసలోని రెండు అక్షరాల సందులో దూరుతుంది. 'శ్రీ'లోని క్రారావడిని పేరు కింద గీతలాగా సాగదీయడం పౌరాణిక చిత్రాల పోస్టర్లలో తరచుగా కనిపించే అలంకారం. ఏ కీబోర్డుతో టైపు చేసినా ఆ సాగుదల రాదు.

మూడో గుర్తు అంచు. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారని నా అభిప్రాయం. చేత్తో రాసినదంటే గరుకుగా, వణుకుతూ ఉండాలని అనుకుని, నున్నటి ఫాంటు తీసుకుని దాని అంచులను చెదరగొడతారు. పాత పోస్టరును దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది, ఆ అంచులు ఎంతో నున్నగా ఉంటాయి. రోజూ అదే పని చేసే చేతికి వణుకు ఎందుకుంటుంది? చేతిరాత గుణం అంచులో కాదు, ఆకారంలో ఉంటుంది: ఒక తలకట్టు మరొకదాని కంటే వాలుగా ఉండటం, గుండ్రం కొంచెం కోడిగుడ్డులా సాగడం, గీత మందం మలుపు దగ్గర మారడం. లిథోలో ఒక్కో రంగును విడిగా అచ్చు వేస్తారు కాబట్టి, రంగులు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడనప్పుడు అక్షరం పక్కన సన్నటి తెల్లగీతో, వేరే రంగు అంచో మిగులుతుంది. అది అచ్చులో వచ్చిన దోషం, అక్షరం లక్షణం కాదు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అయిన ఇంక్‌స్కేప్‌లోని Roughen ఎఫెక్టును అందుకే నేను పూర్తిగా మానేశాను. అది అంచు పొడవునా ఒకే తీరు వణుకు పెడుతుంది, అక్షరాలు చెదలు తిన్నట్టు కనిపిస్తాయి.

ఇక ఫాంట్ల సంగతి. రామభద్ర బరువైన అక్షరం, గీత అంతటా ఒకే మందం, కొసలు గుండ్రన. దూరం నుంచి బాగా కనిపిస్తుంది. అయితే ఇప్పటి ఫ్లెక్సీల మీద, వీడియోల ముఖచిత్రాల మీద దీన్ని ఎంతగా చూశామంటే, ఎంత పాతరంగు వేసినా అది ఈ కాలపు అక్షరంగానే కంటికి తగులుతుంది. బాలూ తమ్ముడు 2 కూడా గుండ్రటిదే, కానీ అందులో కుంచె బరువు కొంత తెలుస్తుంది, మందం 400 నుంచి 800 దాకా మార్చుకోవచ్చు. హాస్య నాటకాలకు, సాంఘికాలకు నేను ముందుగా దీన్నే ఎంచుకుంటాను. పౌరాణికానికి దీనిలో గాంభీర్యం చాలదు.

అనేక్ తెలుగు నున్నటి, ఆధునికమైన అక్షరం. విడిగా చూస్తే పాత పోస్టరుకు దానికి సంబంధమే లేదు. అయినా నేను ఎక్కువసార్లు తెరిచేది దాన్నే, ఎందుకంటే మందంతో పాటు వెడల్పును కూడా 75 నుంచి 125 దాకా మార్చే వీలు అందులో ఉంది. పాత ఆర్టిస్టు పేరులోని చివరి అక్షరాన్ని వెడల్పు చేసి, నడిమి అక్షరాలను ఇరికించి వరుస నింపేవాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు ఇవ్వగలిగితే ఆ కూర్పు మనకూ దక్కుతుంది. మామూలు ఫాంటును పక్కలకు సాగదీస్తే నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు అలాగే ఉండిపోయి మోసం బయటపడుతుంది. వెడల్పు మార్పు ఫాంటులోనే ఉన్నప్పుడు ఆ చిక్కు రాదు. నోటో సెరిఫ్ తెలుగులో గీత సన్నమూ లావూ అవుతుంది కాబట్టి బద్దకుంచె రాతకు ఆధారంగా పనికివస్తుంది, కానీ ఒంటరిగా పెడితే పుస్తకం పేరులా ఉంటుంది.

లక్కిరెడ్డి చేతిరాత ఫాంటు. చిన్న వాక్యాలకు, పోస్టరు మూలలో వేసే ప్రకటనలకు బాగుంటుంది. పెద్ద పేరుకు వాడితే మాత్రం చేతిరాత ఫాంట్లన్నిటికీ ఉన్న బలహీనత బయటపడుతుంది: ఒకే అక్షరం రెండోసారి వచ్చినప్పుడు అదే వంకరతో వస్తుంది, చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది. బాపు రాత ఆధారంగా వచ్చిన ఫాంట్లదీ ఇదే సమస్య. బాపు కుంచె అక్షరాలు ఇప్పుడు శుభలేఖల నుంచి దుకాణాల బోర్డుల దాకా అంతటా కనిపిస్తున్నందువల్ల, ఆయన శైలి కావాలనుకున్న చోట తప్ప పాత పోస్టరు అనగానే వాటిని వాడటం సరికాదని నేను అనుకుంటాను. 1967లో వచ్చిన బాపు 'సాక్షి'తోనే పబ్లిసిటీ ఆర్టిస్టుగా అడుగుపెట్టిన ఈశ్వర్ వంటివారి కుంచె దెబ్బలూ, బాపు రాతా పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కాలపు అక్షరం ఒక్క అచ్చులో ఇమిడేది కాదని అర్థమవుతుంది.

'శ్రీకృష్ణ తులాభారం' పేరుతో నేను ఇంక్‌స్కేప్‌లో చేసిన పనినే వివరంగా చెబుతాను. మొదట అనేక్ తెలుగులో బాగా లావు పెట్టి, రెండు పదాలనూ రెండు వేర్వేరు టెక్స్టులుగా టైపు చేశాను. ఒకే టెక్స్టులో రెండు వరుసలుగా పెడితే, ఒత్తులకు చోటు వదలాలని ఫాంటు వరుసల మధ్య పెద్ద ఖాళీ పెడుతుంది. తర్వాత Path > Object to Path తో అక్షరాలను గీతలుగా మార్చి, గుంపు విడదీశాను. ఇక్కడి నుంచి అది ఫాంటు కాదు, బొమ్మ.

'శ్రీకృష్ణ'లో రెండు చోట్ల ఖాళీలు కంటికి గుచ్చుకున్నాయి. 'కృ' వట్రసుడి పక్కకు రావడం వల్ల దాని తర్వాత ఒక సందు, 'ష్ణ'లో ణ ఒత్తు కుడివైపు దిగడం వల్ల చివర మరో సందు. చాలా తెలుగు ఫాంట్లలో ఇదే జరుగుతుంది. వట్రసుడిని చిన్నది చేసి, కాస్త కిందికి దించి 'ష'ను దాని మీదికి జరిపాను. ణ ఒత్తు కింది వరుసలో ఎక్కడ పడుతుందో చూసుకోవాలి: 'భా' దీర్ఘం పైకి లేస్తుంది, 'రం' తలకట్టు దాని కంటే తగ్గి ఉంటుంది. అందుకే పై వరుసను కుడికి జరిపి ఒత్తును 'రం' నెత్తిన ఉన్న ఖాళీలోకి దింపాను. రెండు వరుసలూ ఒక్క ముద్దలా కలిసినట్టు కనిపించింది ఆ ఒక్క మార్పు తర్వాతే. క్రారావడిని పేరు పొడవునా సాగదీయాలని ఆశపడ్డాను గానీ, అది వట్రసుడిని, ణ ఒత్తును తప్పించుకుని పోవాలంటే బాగా కిందికి దిగి రెండో వరుసను కోస్తుంది. కాబట్టి 'కృ' కిందనే దాన్ని మలుపు తిప్పి ఆపాను.

'లా', 'భా' దీర్ఘాల్లో రెండోదాని కొసను రెండు మూడు నోడ్లు జరిపి పొడవు చేశాను, చివరి సున్నను కాస్త పెద్దది చేసి అక్షరానికి దగ్గరగా నొక్కాను. నీడ కోసం Extensions మెనూలోని Motion వాడాను. అది అక్షరం వెనక దిమ్మ కట్టినట్టు పక్కగోడ గీస్తుంది. నీడకూ అక్షరానికీ మధ్య సన్నటి లేతరంగు గీత ఉంచితే లిథో ఛాయ వస్తుంది. మబ్బు పట్టినట్టు మసకగా పరుచుకునే నీడ మాత్రం పూర్తిగా కంప్యూటరు కాలపుది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. చాకుతో రంగు గీసినట్టు, ఆరిన కుంచెను విసిరినట్టు ఉండే పేర్లను ఏ ఫాంటు నుంచి మొదలుపెట్టినా తేలేము. అవి కావాలంటే కాగితం మీద బద్దకుంచెతో రాసి స్కాన్ చేసుకోవడమే దారి, ఆ పని ఫాంటుతో కుస్తీ పట్టడం కంటే త్వరగా కూడా తెములుతుంది.

ఫోటోషాప్‌లో పాత వెర్షన్లతో పనిచేసేవారు Preferences > Type లో దక్షిణాసియా లిపులకు సంబంధించిన టెక్స్టు ఇంజిన్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తాయి. దానికి ఫాంటును తిట్టి లాభం లేదు. ఫ్లెక్సీ దుకాణానికి పంపేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ మాత్రమే పంపాలి, ఎందుకంటే అక్కడి కంప్యూటర్లలో ఎక్కువగా అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లే ఉంటాయి, మన టెక్స్టు అక్కడ తెరుచుకోదు. టైపు చేసిన అసలు ప్రతిని వేరుగా దాచుకోవాలి; నాటకం తేదీ మారినప్పుడు కింద ఉన్న చిన్న అక్షరాలను మళ్లీ మార్చవలసి వస్తుంది.